రోజూ పొద్దున పంపే సేల్స్ రిపోర్ట్ స్పామ్‌లోంచి బయటపడిన కథ - నా అనుభవం

మాది విజయవాడలో మందుల హోల్‌సేల్ కంపెనీ, అకౌంట్స్‌తో పాటు సిస్టమ్స్ పని కూడా నేనే చూస్తా. రోజూ పొద్దున 6 గంటలకి సర్వర్‌లో ఒక పైథాన్ స్క్రిప్ట్ నడుస్తుంది, నిన్నటి సేల్స్ ఎక్సెల్ తయారుచేసి బ్రాంచ్ మేనేజర్లకి, సార్‌కి మెయిల్ కొడుతుంది. మెయిల్ వెళ్ళినట్టు లాగ్‌లో ఉండేది, కానీ ఏడింటికల్లా రాజమండ్రి బ్రాంచ్ నుంచి ఫోన్, "ఏమండీ, ఇవాళ రిపోర్ట్ పంపలేదా?" అని. స్పామ్ చూడండి అంటే అక్కడ ఉండేది. నాలుగు రోజులు ఇదే అయ్యాక ఇలా కాదని కూర్చున్నా.

సార్ జీమెయిల్‌లో ఆ మెయిల్ ఓపెన్ చేసి, మూడు చుక్కల మెనూలో Show original నొక్కితే `spf=softfail` అని ఉంది. అంటే మా డొమైన్ పేరుతో మెయిల్ పంపడానికి ఏయే సర్వర్లకి అనుమతి ఉందో డీఎన్ఎస్‌లో రాసిన ఎస్‌పీఎఫ్ లిస్టులో ఈ రిపోర్ట్ సర్వర్ ఐపీ లేదు. ఆఫీస్ మెయిల్స్ అన్నీ గూగుల్ నుంచి వెళ్తాయి కాబట్టి దానికి మాత్రమే రికార్డు ఉంది. సరే అని నేను వెంటనే మన సర్వర్‌కి ఇంకో టీఎక్స్‌టీ రికార్డు యాడ్ చేశా, అక్కడే తప్పు చేశా. మర్నాడు చూస్తే `spf=permerror` వచ్చింది, ముందుకన్నా అధ్వాన్నం, పైగా మామూలుగా గూగుల్ నుంచి వెళ్ళే ఆఫీస్ మెయిల్స్‌కి కూడా అదే ఎర్రర్. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి, రెండు ఉంటే తీసుకునే సర్వర్ రెండింటినీ నమ్మదు. ఈ కమాండ్‌తో రెండు లైన్లు కనపడగానే విషయం అర్థమైంది:

```
dig +short TXT example.com
```

రెండూ తీసేసి ఒకటి చేశా (డొమైన్, ఐపీ మార్చి రాస్తున్నా):

```
v=spf1 ip4:203.0.113.25 include:_spf.google.com ~all
```

ఎస్‌పీఎఫ్ పాస్ అయింది, చాలామందికి ఇన్‌బాక్స్‌లోకే వచ్చేసింది, కానీ ఒక పార్టనర్ గారికి మాత్రం ఇంకా స్పామే. ఆయన గూగుల్ కాని వేరే మెయిల్ ఐడీ నుంచి పర్సనల్ జీమెయిల్‌కి ఆటో ఫార్వర్డ్ పెట్టుకున్నారు, ఫార్వర్డ్ అయినప్పుడు మెయిల్ వేరే సర్వర్ నుంచి వస్తుంది కదా, అక్కడ ఐపీ చూసే ఎస్‌పీఎఫ్ పనిచేయదు. దానికి డీకిమ్ కావాలి, అది మెయిల్ మీదే వేసే సంతకం, మధ్యలో మెయిల్‌ని ఎవరూ మార్చకపోతే ఎన్ని చేతులు మారినా చెల్లుతుంది. సర్వర్‌లో ఓపెన్‌డీకిమ్ పెట్టి, పబ్లిక్ కీ డీఎన్ఎస్‌లో వేశా. తర్వాత ఈ రెండూ ఫెయిలైన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ రికార్డు `p=none` తో మొదలుపెట్టా, అలా పెడితే ఏ మెయిలూ ఆపమని చెప్పినట్టు కాదు, అందులోనే `rua=` లో మన మెయిల్ ఐడీ ఇస్తే మన పేరుతో ఎక్కడెక్కడి నుంచి మెయిల్స్ వెళ్తున్నాయో రిపోర్టులు మాత్రం వస్తాయి. తొందరపడి మొదటి రోజే `p=reject` పెట్టొద్దు, మనం మర్చిపోయిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే దాని మెయిల్స్ కూడా ఆగిపోతాయి.

ఇంతా చేశాక ఒకటో తారీఖు నెల రిపోర్ట్ ఎవరికీ రాలేదు, స్పామ్‌లో కూడా లేదు. స్క్రిప్ట్ లాగ్‌లో ఇది ఉంది:

```
552 5.3.4 Message size exceeds fixed limit
```

మా సర్వర్‌లో మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్‌కి మామూలుగా ఉండే పరిమితి 1,02,40,000 బైట్లు, అంటే సుమారు 10 ఎంబీ. నా ఫైల్ 8 ఎంబీయే కదా అనుకున్నా. అటాచ్‌మెంట్‌ని మెయిల్‌లో పంపాలంటే అక్షరాలుగా మార్చాలి, ప్రతి 3 బైట్లు 4 అక్షరాలవుతాయి, లైన్ బ్రేక్‌లతో కలిపి 8 ఎంబీ కాస్తా దాదాపు 11 అయింది. `message_size_limit` పెంచితే మన సర్వర్ దాటుతుంది, అవతలి వాళ్ళ సర్వర్ పరిమితి మన చేతిలో లేదు కదా, అందుకే ఫైలే తగ్గించా. అందులో నెల మొత్తం ప్రతి బిల్లులో ప్రతి లైన్ ఉంది, మేనేజర్లకి కావాల్సింది బ్రాంచ్‌వారీ, కంపెనీవారీ టోటల్స్ మాత్రమే. వాటితో చేసిన షీట్ 150 కేబీ కూడా లేదు. పూర్తి వివరాలు షేర్డ్ డ్రైవ్‌లో పెట్టి లింక్ ఇచ్చా, ఆ ఫోల్డర్ మా వాళ్ళకి మాత్రమే తెరుచుకుంటుంది. ఇదివరకు బాడీ ఖాళీగా, సబ్జెక్ట్‌లో ఒక్క 'రిపోర్ట్' అని ఉండేది, ఇప్పుడు సబ్జెక్ట్‌లో బ్రాంచ్ పేరు, తేదీ, బాడీలో నిన్నటి మొత్తం, రిటర్న్స్, వసూళ్ళు మూడు లైన్లు వస్తాయి, ఫోన్‌లో అటాచ్‌మెంట్ తెరవక్కర్లేదు.

పాత మెయిల్స్‌ని అందరి చేతా Not spam కొట్టించా. పార్టనర్ గారి జీమెయిల్‌లో ఇప్పుడు ఎస్‌పీఎఫ్ సాఫ్ట్‌ఫెయిల్ అనే ఉంటుంది గానీ డీకిమ్, డీమార్క్ రెండూ పాస్, మెయిల్ ఇన్‌బాక్స్‌లోనే ఉంటోంది. ఒక సప్లయర్ ఆఫీస్‌లో మాత్రం ఇంకా జంక్‌లోకే పోతోంది, అది వాళ్ళ ఫిల్టర్ రూల్, వాళ్ళ అడ్మిన్ మన డొమైన్‌ని అనుమతించాలి, నిన్న ఆయనకి హెడర్స్ కాపీ చేసి పంపా.