డెల్టా పాఠం, ఒక కార్నెల్ కాగితం: నా అనుభవం

అమలాపురంలో పదో తరగతి పిల్లలకు చూపించడానికి నది పనుల పాఠంలోని డెల్టా భాగాన్ని కార్నెల్ అనే నోట్సు రాసుకునే పద్ధతిలో ఒక A4 కాగితం మీదికి దించాను. ఎడమ అంచు నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర నిలువు గీత, అడుగు నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర అడ్డగీత గీశాను. నిలువు గీత అడ్డగీత దగ్గర ఆగిపోవాలి. కుడివైపు వెడల్పు గడి నోట్సుకు, ఎడమది ప్రశ్నలకు, అడుగున ఉన్నది సారాంశానికి.

1950లలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ పాక్ ఈ పద్ధతిని తెచ్చింది ప్రధానంగా క్లాసులో పాఠం వింటూ రాసుకోవడానికి. వింటున్నప్పుడు అన్నీ రాయలేం కాబట్టి ఏది ముఖ్యమో అక్కడికక్కడే తేల్చుకుంటాం. పుస్తకం ముందుంటే ఆ తొందర ఉండదు. చెయ్యి వాక్యాలకు వాక్యాలు దించేస్తుంది, కుడి గడి కాస్తా పుస్తకానికి నకలైపోతుంది. అందుకే ఒక ఉపశీర్షిక కింద ఉన్నది చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశాను. తర్వాతే పుస్తకం తెరిచి తప్పిపోయినవి చేర్చాను.

కుడి గడిలో పడింది ఇంతే: సముద్రం దగ్గర వాలు తక్కువ → నీటి వేగం తగ్గుతుంది → ఒండ్రు అడుగుకు దిగుతుంది → కాలువ మెరక పడుతుంది → నీరు పాయలుగా చీలుతుంది. ఉదాహరణ: ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలు గౌతమి, వశిష్ఠ. ఒక్కో విషయానికీ మధ్య రెండు వరుసలు ఖాళీ వదిలాను, ఎందుకంటే మర్చిపోయినవి చేరేది అక్కడే.

అసలు కష్టం ఎడమ గడిలోనే. చాలామంది అక్కడ "డెల్టా", "పాయలు" అని రాస్తారు. అవి శీర్షికలు. వాటిని చూస్తే విషయం తెలిసినట్టే అనిపిస్తుంది గానీ నోటికి జవాబు రాదు. నేను రాసింది: "సముద్రం దగ్గరికొచ్చాక నది ఎందుకు చీలుతుంది?" కుడి గడిని మూసి పైకి జవాబు చెప్పి చూడాలి. ఒక్క మాటతో తేలిపోతే ప్రశ్న మరీ చిన్నది. చెప్తూ చెప్తూ దారి తప్పితే రెండు ప్రశ్నలు ఒకదాంట్లో ఇరుక్కున్నట్టు. "డెల్టా ఎలా ఏర్పడుతుంది, ఎందుకు సారవంతం?" అన్నది అలాంటిదే, దాన్ని రెండుగా విడదీశాను. ప్రశ్న దాని జవాబుకు సరిగ్గా ఎదురుగా ఉండాలి, లేకపోతే తర్వాత సరిచూసుకోవడానికి వెతుక్కోవాలి.

సారాంశం చివర్లో, కుడి గడిని కాగితంతో కప్పి, ప్రశ్నలు మాత్రమే చూస్తూ మూడు వాక్యాల్లో రాశాను. "ఈ పాఠంలో డెల్టా గురించి తెలుసుకున్నాం" అనే వాక్యం సారాంశం కాదు, అందులో కారణం లేదు. "వాలు తగ్గి వేగం పోవడంతో నది మోసుకొచ్చిన ఒండ్రును వదిలేస్తుంది, ఆ మెరకే దాన్ని పాయలుగా చీలుస్తుంది" అన్నది సారాంశం.

పటాలు ఈ గడుల్లో ఇమడవు. గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల పటాన్ని కాగితం వెనకవైపు మొత్తం వాడుకుని వేశాను. ఎడమ గడిలో మాత్రం "వైనతేయ ఏ పాయ నుంచి విడిపోతుంది? పటం గీసి చూపు" అని రాశాను.