కళ్లు చికిలించి చూస్తే పోర్ట్‌ఫోలియో బొమ్మలో ఏం మిగులుతుంది? సీడ్ ఇంటర్వ్యూకి ముందు మేం చేసిన పని

డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష సీడ్ రాసినవాళ్లకి తెలిసిందే, స్కోరు వస్తే సగం పనే అయినట్టు. యానిమేషన్ వైపు వెళ్లాలనుకుంటే ఆ తర్వాత ఇంటర్వ్యూలో పోర్ట్‌ఫోలియో ముందు పెట్టాలి. పేజీలు చకచకా తిరిగిపోతుంటాయి. ఏ బొమ్మ దగ్గర చెయ్యి ఆగుతుందన్నది మొదటి చూపులోనే తేలిపోతుంది. అందుకే ఆ నెలల్లో కొత్త బొమ్మలు వేయడం కంటే, వేసినవాటిని స్క్వింట్ టెస్ట్‌తో, అంటే కళ్లు చికిలించి చూసే పరీక్షతో సరిచూసుకోవడం మీదే నేను ఎక్కువ కూర్చున్నాను. ఆ పద్ధతి అంతా చెప్పడం కంటే ఒక్క బొమ్మ మీద ఎలా పనిచేసిందో చెబుతాను.

బొమ్మ మా పక్క గదిలో ఉండే రాజోలు కుర్రాడిది. ఊహ బాగుంది: లంకలన్నీ మునిగిపోయాక జనం ఒక పాత పంటు మీదే ఊరు కట్టుకున్నారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి పెరిగినవాడు కాబట్టి దాని తుప్పు, తాళ్లు, రెయిలింగు అన్నీ కళ్లకు కట్టినట్టు వేశాడు. ముందు భాగంలో మడ చెట్ల వేళ్లు, మధ్యలో పంటు, దాని మీద తాటాకు గుడిసెలు, వెనక అవతలి గట్టు మీద కొబ్బరితోట. గుడిసె గుమ్మంలో లాంతరు పట్టుకుని ఎర్ర చీరలో ఒక ముసలావిడ. కథంతా ఆవిడదే. కుడివైపు పై మూలలో దగ్గరగా ఒక కొబ్బరిచెట్టు, ఆకుల సందుల్లోంచి తెల్లటి ఆకాశం.

నేను కుర్చీ వెనక్కి జరిపి, రెప్పలు దాదాపు మూతపడి రెప్పవెంట్రుకలు అడ్డం వచ్చేదాకా కళ్లు చికిలించాను. ఒక్క క్షణం చూసి వదిలేస్తే ఏమీ తెలియదు. కాసేపు అలాగే ఉండాలి. తుప్పు మరకలు, తాళ్లు, ఆకుల గీతలు కరిగిపోయి పెద్ద పెద్ద ముద్దలే మిగులుతాయి. అప్పుడు చూడాల్సింది మూడే: ఎన్ని ముద్దలున్నాయి, చూపు ముందు ఎక్కడ పడింది, ఏది ముందు ఏది వెనక అన్నది తెలుస్తోందా.

"ఏరా, ముందు నీకేం కనపడుతోంది?" అన్నాను.

వాడు కూడా చికిలించి, "కొబ్బరాకులక్కా" అన్నాడు, గొంతు కాస్త తగ్గించి.

నిజమే. ముసలావిడ లేదు. పై మూలలో నల్లటి ఆకులు, వాటి మధ్య తెల్లటి చుక్కలు మాత్రం మిణుకుమిణుకుమంటున్నాయి. బొమ్మ మొత్తంలో అతి ముదురు, అతి లేత రంగులు పక్కపక్కన పడింది అక్కడే. ఎక్కడ తేడా ఎక్కువగా ఉంటే చూపు అక్కడికి పోతుంది, అది ఏ మూలైనా సరే. పైగా ఆకుల సందుల్లో ఆకాశాన్ని బయటి ఆకాశమంత తెల్లగా వేయకూడదు. మీరు ఏటిగట్టు మీద నిలబడి ఒక కొబ్బరి మట్టను చూడండి. చిన్న సందులోంచి వచ్చే వెలుగు విశాలమైన ఆకాశం కంటే ఒక మెట్టు తగ్గే కనపడుతుంది. నలుపును 1 అని, తెలుపును 9 అని అనుకుంటే ఆ సందుల్ని 9 నుంచి 6కి దించాం, ఆకుల్ని 1 నుంచి 3కి లేపాం. మిణుకు ఆగిపోయింది.

ఇక ముసలావిడ. వాడు ఒప్పుకోలేదు. "ఎర్ర చీర అక్కా, కొట్టొచ్చినట్టు ఉంది కదా" అంటాడు. ఇక్కడే స్క్వింట్ టెస్ట్‌కి ఒక హద్దుంది: కళ్లు చికిలిస్తే వివరాలు పోతాయి గానీ రంగు పూర్తిగా పోదు. ఎరుపు ఎంతో కొంత లాగుతూనే ఉంటుంది, దాంతో వాల్యూ తేడా, అంటే లేత ముదురుల తేడా ఉందని భ్రమపడతాం. అనుమానం తీరాలంటే బొమ్మను బూడిద రంగులోకి మార్చి చూడాలి. కానీ ఎలా మారుస్తున్నారన్నది ముఖ్యం.

ఫోటోషాప్ లెక్కలో 0 నలుపు, 255 తెలుపు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు వరసగా చెబితే వాడి చీర ఎరుపు 200, 30, 40. వెనక తాటాకు దడి గోధుమరంగు 110, 75, 40. ఫోటోషాప్‌లో `Desaturate` కొడితే చీర 115, దడి 75 అయ్యాయి. "చూశావా, చీర లేతగానే ఉంది" అన్నాడు. ఆ కమాండు మూడు అంకెల్లో పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి సగం చేస్తుందంతే. మన కంటికి ఆకుపచ్చ భాగం ఎక్కువ వెలుగ్గా, నీలం బాగా తక్కువ వెలుగ్గా తోస్తుందన్న లెక్క దానికి లేదు. దాన్ని వెనక్కి తీసేసి, అన్నిటికంటే పైన ఒక కొత్త లేయర్ నలుపుతో నింపి, బ్లెండ్ మోడ్ `Color` పెట్టాం. ఇది ఎరుపుకి 30, ఆకుపచ్చకి 59, నీలానికి 11 శాతం చొప్పున లెక్కేస్తుంది. చీర 82, దడి 82. ఆవిడ గోడలో కలిసిపోయింది. వాడు ఇంకేం మాట్లాడలేదు.

చీర రంగు మార్చక్కర్లేదు. చేతిలో లాంతరు ఉండనే ఉంది కదా, ఆ వెలుగు వెనక దడి మీద పడేలా చేసి దడిని 7కి లేపాం. చీరకి వెలుగు అంచు మాత్రం ఉంచి మిగతాది 2కి దించాం. 9 అన్నది బొమ్మ మొత్తంలో లాంతరు మంటకే. మళ్లీ చికిలిస్తే లేత చతురస్రంలో ముదురు మనిషి ఆకారం, ముందు అదే.

లోతు సంగతి అన్నిటికంటే ఎక్కువ సతాయించింది. అవతలి గట్టు తోటని వాడు 3లో వేశాడు, పంటు పొట్ట 2, మడ వేళ్లు 2. చికిలిస్తే మూడూ ఒకే నల్ల పట్టీ, దూరం అన్నదే లేదు. దూరం పెరిగేకొద్దీ మధ్యలో ఉన్న గాలి, తేమ వెలుగుని చెదరగొడతాయి కాబట్టి ముందు నీడలే లేతబడతాయి. ధనుర్మాసం పొద్దున మన గోదారి మీద ఎవరికైనా కనపడేదే ఇది: అవతలి కొబ్బరితోటలో నలుపన్నది ఉండదు, అంతా పాలు కలిపిన బూడిద. ఆకాశం 7, నీళ్లు 6 ఉన్నాయి కాబట్టి తోటని 5కి లేపి, తోటలో తేడాలన్నీ ఆ ఒక్క మెట్టులోపలే ఉంచాం.

పంటునీ మడ వేళ్లనీ విడదీయడానికి వాడు పొట్టని 3 చేసి, వేళ్లని 1 చేశాడు. బూడిద లేయర్లో తేడా చక్కగా ఉంది. చికిలిస్తే మళ్లీ ఒకటే ముద్ద. కళ్లు చికిలించినప్పుడు లోపలికి వెళ్లే వెలుగే తగ్గిపోతుంది, అందుకే ముదురు వాల్యూలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నీడల లోపలి తేడాని ఈ టెస్టుతో కొలవకూడదు, దానికి కళ్లు తెరిచే చూడాలి. కానీ బొమ్మని ఆ తేడా మీదే నిలబెట్టడం కూడా మంచిది కాదు. వేళ్లకీ పొట్టకీ మధ్య నీటి మీద మంచు పొర ఒకటి, సన్నగా 6లో లాగాం. నలుపుకీ నలుపుకీ మధ్య లేత పట్టీ వచ్చేసరికి పంటు వెనక్కి జరిగి నీళ్ల మీద తేలింది. వాల్యూలు ఎంత తిప్పినా రానిది ఆ ఒక్క పట్టీతో వచ్చింది.

ఒక మాట. రిఫరెన్స్ ఫోటోతో పోల్చేటప్పుడు రెండిటినీ ఒకేలా చికిలించి చూడండి. ఫోటోని తెరిచిన కళ్లతో, బొమ్మని చికిలించిన కళ్లతో చూసి నీడలు ముదిరిపోయాయనుకుని లేతబరిచి పాలిపోయేలా చేసుకున్న బొమ్మలు చాలా చూశాను.

ఇంటర్వ్యూకి ప్రింట్లు పట్టుకెళ్లేవాళ్లు ఈ పరీక్ష కాగితం మీద ఇంకోసారి చేయాలి. స్క్రీన్ వెనక నుంచి వెలుగుతుంది, కాగితం వెలగదు కాబట్టి నీడలు ఇంకా ముదురుతాయి. ముందు ఒక్క ప్రింటే తీయించి, షాపు బయటికొచ్చి పగటి వెలుతురులో చేతి దూరంలో పట్టుకుని చికిలించండి. మన బొమ్మలో చీర మళ్లీ గుమ్మం నీడలో కలిసిపోయింది. ఫైల్లో 1 నుంచి 3 దాకా ఉన్న వాల్యూల్ని కొంచెం పైకి లేపి, 9ని కదపకుండా రెండో ప్రింటు తీయించాం.