శనివారం రాత్రి పెళ్లి, ఆదివారం పేజీ

"సార్, శనివారం పేజీలో మీ పేరు పెన్సిల్‌తో రాసిపెట్టాను, ఇవాళ అయిదింటిలోగా అడ్వాన్స్ కడితే పెన్నుతో రాసేస్తా" అన్నాడు కల్యాణ మండపం మేనేజర్, బాబాయ్ అప్పటికే నోట్లు లెక్కపెడుతున్నారు.

ముహూర్తం శనివారం రాత్రి 2.40కి. పంచాంగంలో మళ్లీ సూర్యోదయం అయ్యేదాకా శనివారమే కదా, ఫోన్లో బాబాయ్ అదే చెప్పారు. కానీ బెంగళూరులో ఆ మండపం వాళ్ల లెక్కలో శనివారం పెళ్లంటే శుక్రవారం సాయంత్రం నాలుగింటికి తాళాలిచ్చి, శనివారం మధ్యాహ్నం మూడింటికి ఖాళీ చేయించడం! ఇక్కడ ఎక్కువగా పొద్దున ముహూర్తాలే మరి.

మనకు కావలసింది ఆదివారం పేజీ. అందులో ఇంకెవరిదో పేరుంది, అదీ పెన్సిల్‌తోనే, గడువు సాయంత్రం ఆరు.

శనివారానికి అడ్వాన్స్ కట్టి తర్వాత మార్చుకుందామన్నారు బాబాయ్. రసీదు వెనక చూస్తే, తేదీ మారిస్తే రద్దు కిందే లెక్క, అడ్వాన్స్ తిరిగి ఇవ్వరు. అందుకే కట్టనివ్వలేదు, రెండో వరసలో పేరు రాయించి అక్కడే కూర్చున్నాం.

మేనేజర్ వాళ్లకి ఫోన్ చేసి, "ఇంకొకళ్లు డబ్బుతో కూర్చున్నారు, ఆరు దాకా మీదే, తర్వాత వదిలేస్తా" అని చెప్పాడు, ఆ మర్యాద మాత్రం నచ్చింది నాకు. వాళ్లు ఇంకో రెండు మండపాల్లోనూ ఇలాగే పెన్సిల్ పెట్టించారట, అయిదున్నరకి వద్దనేశారు.

రసీదులో తేదీ ఒక్కటే రాస్తే ఒప్పుకోలేదు, శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆదివారం మధ్యాహ్నం మూడు దాకా అని గంటలతో సహా రాయించాను. పిన్నికి ఇంకా సంగతి తెలీదు, బాబాయ్ చెప్పొద్దన్నారు, కాబట్టి కామెంట్లలో కాస్త జాగ్రత్త!