పాత వీడియో, కొత్త శీర్షిక: ఒక పేజీ పాఠం రాసిన అనుభవం

వీడియోను పంచుకునే ముందు అందులో చెప్పింది నిజమో కాదో చూసుకోవడం పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు నేర్పే పాఠ ప్రణాళికను ఒకే పేజీలో రాయవలసి వచ్చినప్పుడు, ఏది చేర్చాలన్నదాని కంటే ఏది వదిలేయాలన్నదే నాకు పెద్ద పనైంది. డీప్‌ఫేక్‌లను, మార్ఫింగ్‌ను పక్కన పెట్టి, పాత వీడియోకు కొత్త శీర్షిక తగిలించే మోసాన్ని మాత్రమే తీసుకున్నాను. దానికి ఏ నైపుణ్యమూ అక్కరలేదు కనుక అది తరచుగా ఎదురవుతుంది, ఒక్క పీరియడ్‌లో పిల్లలు తమంతట తాము తేల్చగలిగేదీ అదే.

ఉదాహరణకు 2011 మార్చి 11న జపాన్‌లోని మియాకో నగరంలో నల్లటి సునామీ నీరు రక్షణ గోడను దాటి పడవలను, కార్లను మోసుకొచ్చిన దృశ్యాన్ని ఎంచుకుని, దానికి ‘ఈ రోజే జరిగింది’ అన్న శీర్షిక పెట్టాను. పిల్లలు మొదట ఆ శీర్షికలో ఏం జరిగిందన్నారో, ఎక్కడ, ఎప్పుడన్నారో విడివిడిగా రాస్తారు. తర్వాత వీడియోను ఆపి, ఆ దృశ్యం ఇంతకు ముందు ఎక్కడైనా వచ్చిందేమో ఇంటర్నెట్‌లో బొమ్మతోనే వెతకడానికి ఒక ఫ్రేమును, అంటే ఆగిన ఒక్క చిత్రాన్ని, ఎంచుకుంటారు. ప్రణాళికలో ఎక్కువ సమయం దీనికే ఇచ్చాను, ఎందుకంటే నురగ, నీరు మాత్రమే ఉన్న ఫ్రేముతో వెతికితే ప్రపంచంలోని వరదలన్నీ ఫలితాల్లోకి వచ్చిపడతాయి. గోడ అంచు, వెనుక భవనం, ఒరిగిన పడవ కలిసి స్పష్టంగా కనిపించే ఫ్రేమును తీసుకుని, పైన అతికించిన అక్షరాలను కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వెతికితే పాత ప్రతులు దొరికే అవకాశం బాగా పెరుగుతుంది.

అసలు చిక్కు తీర్పు రాసే గడిలో ఉంది. ‘నిజం’, ‘అబద్ధం’ అన్న రెండే మాటలు పెడితే పిల్లలు తొందరపడి ఏదో ఒకటి టిక్కు పెట్టేస్తారు. (పెద్దవాళ్లూ అంతే.) 2011 నాటి ప్రతి దొరికితే ఈ దృశ్యం ఈ రోజుది కాదని మాత్రమే రుజువవుతుంది; ఈ రోజు నిజంగా ఎక్కడో సునామీ వచ్చి ఉండవచ్చు, అది వేరే వార్తలు చూసి తేల్చుకోవలసిన విషయం. పాత ప్రతి ఏదీ దొరకకపోతే వీడియో కొత్తదని కూడా అర్థం కాదు, ఎందుకంటే వెతికే యంత్రం తన దగ్గర నమోదైనవాటినే చూపగలదు. అందుకే ఆ గడిలో ‘ఈ సంఘటనది కాదు’, ‘ఈ సంఘటనదే, ఆధారం ఇది’, ‘ఇంకా తేలలేదు’ అన్న మూడు మాటలు పెట్టి, మూడోది రాసినవారికీ పూర్తి మార్కులు ఇవ్వాలని ఉపాధ్యాయులకు సూచన చేర్చాను.

పేజీ అడుగున మిగిలిన కాస్త చోటులో అద్దంలోలా తిప్పేసిన వీడియోల గురించి రాశాను: బోర్డుల మీది అక్షరాలు కుడి ఎడమలు మారి కనిపిస్తే, ఫ్రేమును ఫోన్‌లోని ఎడిటర్‌తో తిరిగి తిప్పి మరోసారి వెతకాలి.