గ్లాసుల మీది తెల్లపొర

డిష్‌వాషర్‌లోంచి తీసిన గ్లాసులు కొన్నాళ్లుగా పొగ పట్టినట్టు మసకగా ఉంటున్నాయి. పౌడరు పెంచినా తగ్గలేదు. పోయిన వారం ఒక గ్లాసును సగం దాకా వెనిగర్‌లో పది నిమిషాలు నానబెట్టి తుడిచాను. మునిగినంత మేర తళతళలాడింది, పైసగం మసకగానే మిగిలింది. అంటే అది కఠినజలం వదిలిన సున్నపు పొరే. వెనిగర్‌కు కూడా పోకపోతే గాజే దెబ్బతిన్నట్టు, దానికిక మందు లేదు.

డిష్‌వాషర్‌లో ఉప్పు పోసే అర చూస్తే నిండుగానే ఉంది. నెలలుగా ఉప్పు తరగకపోవడమే అసలు సూచన, నాకు తట్టలేదు! ఆ ఉప్పు గిన్నెలను కడగదు. నీటిలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకునే రెజిన్‌ను మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది. ఎంత తరచుగా చేయాలో నీటి కాఠిన్యం సెట్టింగు చెబుతుంది. మా యంత్రంలో అది అన్నిటికంటే తక్కువ అంకె మీద ఉంది. పరీక్ష పట్టీతో నీటిని చూసి, దానికి తగిన అంకెకు మార్చాను. రిన్స్ ఎయిడ్ వాడుతూనే ఉన్నాను కానీ, అది నీరు బొట్లు కట్టకుండా జారిపోయేలా చేస్తుందే తప్ప కాఠిన్యాన్ని తీయదు.

పాత పొరను వెనిగర్‌తో వదిలించిన గ్లాసులను ఈ రోజు మూడోసారి కడిగి, కిటికీ వెలుగుకు పట్టి చూశాను. అంచు దాకా తేటగా ఉన్నాయి.