కన్ను తీయించుకోమన్నవాళ్ళకి

విశాఖలో మొన్న ఒక పెళ్ళిలో కనిపించి, నా కంటి క్యాన్సర్ గురించి పెదనాన్నగారు మళ్ళీ అదే మాట అన్నారు: "అప్పుడే కన్ను తీయించేసుకుని ఉంటే ఈ చెకప్‌ల గొడవే ఉండేది కాదు కదమ్మా." భోజనాల దగ్గర వాదన ఎందుకని ఊరుకున్నాను. చెప్పాల్సింది ఇక్కడ చెప్తాను.

కుడికన్ను ముక్కువైపు మూల చీకటిపడ్డట్టు ఉండేది, ఒక్కోసారి మెరుపుల్లా వచ్చేవి. మా ఊళ్ళో ఒకాయన పేరుకి ఒకసారి టార్చి వేసి చూసి, "నలభై దాటాయిగా, ఇలాగే ఉంటుంది" అని అద్దాల నంబరు మార్చి పంపేశారు. కంటిపాప పెద్దదవ్వడానికి చుక్కలు మాత్రం వెయ్యలేదు. ఆ మాట మీద నాకింకా కోపం పోలేదు. నా కంతి కంటి వెనకపొర అయిన కోరాయిడ్‌లో, బయటి అంచుకి దగ్గరగా ఉంది. కంటిపాప విప్పకుండా అంత దూరం చూడటం కుదరదు.

కొత్త అద్దాలతోనూ ఆ చీకటి పోకపోతే మా ఆయన హైదరాబాద్ తీసుకెళ్ళారు. చుక్కలు మంటపుట్టాయి, అరగంటకి చేతిలో ఫోను అక్షరాలు మసకైపోయాయి. డాక్టరమ్మ తలకి లైటు తగిలించుకుని, చేతిలో లెన్సు పట్టుకుని, పైకి చూడు, కిందకి చూడు, చెవివైపు చూడు అంటూ చెవివైపే ఆగిపోయారు. గోధుమరంగు గడ్డ, దాని మీద నారింజరంగు మచ్చలు, చుట్టూ రెటీనా కింద నీరు. అల్ట్రాసౌండ్‌లో మందం 4.6 మిల్లీమీటర్లు వచ్చింది.

"ముక్క తీసి పరీక్ష చెయ్యకుండా క్యాన్సర్ అని ఎలా అంటారండీ?" అని మా ఆయన అడిగారు. యూవియల్ మెలనోమా అనే ఈ కంటి క్యాన్సర్‌ని చాలావరకు చూపుతోనూ స్కాన్‌తోనూ గుర్తుపడతారట. ముక్క తీస్తే ఎక్కువగా అది శరీరంలోకి పాకే స్వభావం ఉందా లేదా అని జన్యువుల్లో చూడ్డానికేనట. మన దేశంలో ఇది బాగా అరుదు, తెల్లవాళ్ళలో ఎక్కువ. ఆ అరుదు నాకే ఎందుకొచ్చిందని దేవుణ్ణి చాలా తిట్టాను. సింహాచలం మొక్కు కూడా అప్పుడే మొక్కాను, రెండూ ఒకే నోటితో.

ఆ రాత్రే పెదనాన్నగారి ఫోను. "పాముకి తల కోసినట్టు కన్ను తీయించేయ్, ప్రాణం దక్కుతుంది." రాత్రంతా నిద్ర లేదు. కన్ను ఉంచుకోవాలనే ఆశ కోసం పిల్లల్ని తల్లి లేనివాళ్ళని చేస్తానా అని ఒకటే ఆలోచన. అద్దం ముందు కుడికన్ను మూసుకుని చాలాసేపు నిలబడ్డాను.

పొద్దున్నే డాక్టరమ్మని అదే అడిగాను. అమెరికా, కెనడాల్లో మధ్యస్థమైన కంతులున్న వెయ్యిమందికి పైగా రెండు వర్గాలు చేసి, ఒకరికి కన్ను తీసి, ఒకరికి రేడియేషన్ బిళ్ళ పెట్టి ఏళ్ళ తరబడి చూశారట. బతికిన లెక్కలో తేడా రాలేదు. ఈ జబ్బు పాకితే ఎక్కువగా రక్తం ద్వారా కాలేయానికి వెళ్తుంది. వెళ్ళే కణాలు, కంటికి వైద్యం మొదలయ్యే ముందే బయటికి పోయి ఉండొచ్చు. ఆ తర్వాత కన్ను తీసేసినా వాటిని వెనక్కి లాగలేం. కంతి మరీ పెద్దదైనా, కన్ను అప్పటికే పాడైనా తీయక తప్పదు. నాది ఆ స్థితికి రాలేదు.

నాకు రేడియేషన్ ఇచ్చే రుథీనియం-106 బిళ్ళ పెట్టారు. పాత పావలా అంత, గిన్నెలా వంపు తిరిగి ఉంటుంది. మన ట్రాంబే అణుకేంద్రంలోనూ ఇవి తయారు చేస్తారు. దాని కిరణాలు కొద్ది మిల్లీమీటర్లే చేరతాయి కాబట్టి ఆరు దాటిన మందానికి సాధారణంగా చాలదట. మత్తులో కంటి తెల్లగుడ్డు మీద కంతికి ఎదురుగా కుట్టేశారు. ఎన్ని గంటలు ఉంచాలో ఫిజిసిస్టు లెక్క వేశారు. అన్నాళ్ళూ విడిగదిలో ఉంచారు, పిల్లల్ని రానివ్వలేదు. తీసేశాక కొన్నాళ్ళు రెండేసి కనిపించేవి, బిళ్ళ కోసం కండరాన్ని కదిపినందువల్ల. అదే సర్దుకుంది.

కంతి వెంటనే మాయమవలేదు. నెలల తరబడి చిక్కుతూ వచ్చింది, ఇప్పుడు 2 మిల్లీమీటర్లకి దగ్గరగా ఉంది. కానీ రేడియేషన్ రెటీనానీ కాస్త కాల్చింది, వాపుకి కంట్లోకి ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాను. ఆరు నెలలకోసారి కాలేయం స్కాన్. పెదనాన్నగారూ, కన్ను తీయించుకున్నా ఈ స్కాన్ తప్పేది కాదు. మీకు నలభై ఎప్పుడో దాటాయి, ఈ వారమే వెళ్ళి చుక్కలు వేయించుకుని చూపించుకోండి. బండి మాత్రం మీరు నడపకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి.