హెల్మెట్ కొక్కెం విరిగిన చోట

గోడకి బిగించిన త్రీడీ ప్రింట్ కొక్కెం ఈరోజు ఊడింది. హెల్మెట్‌తో పాటు బ్యాగు కూడా తగిలించారు మావాళ్లు. విరిగిన ముక్క చూస్తే కత్తితో కోసినంత నున్నగా ఉంది, మీద లేయర్ల గీతలు వరసగా కనిపిస్తున్నాయి. ప్లాస్టిక్ తెగి ఉంటే అంచు చిరిగినట్టుండి, తెల్లబడేది. ఇక్కడ తెగింది ప్లాస్టిక్ కాదు, రెండు పొరల మధ్య అతుకు.

ఈ కొక్కేనికి వాడిన ప్లాస్టిక్ పీఎల్ఏ, అది కరిగి ప్రింటర్ మూతి అయిన నాజిల్ నుంచి దాదాపు 210 డిగ్రీల వేడితో సన్నటి పోగులా వస్తుంది. కానీ కింది పొర అప్పటికే చల్లబడి ఉంటుంది. కొత్త పొర దాన్ని పైపైన కరిగించి అంటుకుంటుందంతే. సుమారు 60 డిగ్రీల కిందకి దిగాక లోపలి అణువుల గొలుసులు కదలవు, ఒకదాంట్లో ఒకటి అల్లుకోవు. అందుకే పోగు పొడవునా ఉన్న బలం పొరల మధ్య ఉండదు.

ఈ కొక్కేన్ని గోడకి ఆనే పలక ప్రింటర్ బెడ్ మీద, బరువు మోసే కొమ్మ నిలువుగా పెట్టి ప్రింట్ చేశారు. బరువు వేలాడితే కొమ్మ మొదట్లో పైవైపు సాగుతుంది. ఆ లాగుడు సరిగ్గా పొరల్ని విడదీసే దిశలోనే పడింది.

చాలామంది వెంటనే ఇన్‌ఫిల్, అంటే వస్తువు లోపల నింపే ప్లాస్టిక్, పెంచమంటారు. నాకది పెద్దగా నచ్చదు, అతుకు బలహీనత అలాగే ఉంటుంది కదా. కొక్కెం చుట్టూ వేసే బయటి గోడల సంఖ్య పెంచి, చల్లబరిచే ఫ్యాన్ తగ్గించి, పది డిగ్రీలు వేడి పెంచితే కొంత నయం. అసలు మందు మాత్రం కొక్కేన్ని పక్కకి పడుకోబెట్టడమే. అప్పుడు పోగు పలకలోంచి మలుపు తిరిగి కొమ్మ పొడవునా సాగుతుంది. గాల్లో వేలాడే భాగాల కింద వేసే సపోర్ట్ ఖర్చు కూడా మిగులుతుంది, స్క్రూ రంధ్రాలు మాత్రం కాస్త అందం తగ్గుతాయి.